చాట్ కోసం అబ్బాయి బదులు అమ్మ ముఖం చూపించవచ్చా?

సంధ్య: మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. వాడు ఆడే రోబ్లాక్స్ ఆటలో చాట్ కావాలంటే కెమెరాతో వయసు పరీక్ష తప్పనిసరి చేశారు. ముఖం చూసి వాడిని 9–12 వర్గంలో వేశారు. క్లాసు పిల్లలతో మాటలు ఆగిపోయాయి. వాడి బదులు నేను కెమెరా ముందు కూర్చుంటే తప్పేమిటి?

నరహరి: తప్పొప్పుల సంగతి తర్వాత, అలా చేస్తే మీ పని జరగదండీ. రోబ్లాక్స్ పద్ధతి చూడండి. తొమ్మిది లోపు, 9–12, 13–15, 16–17, 18–20, 21 పైన అని ఆరు వర్గాలు. సాధారణంగా తన వర్గంతో, దాని పక్క వర్గాలతోనే చాట్. మీ ముఖం చూపిస్తే వాడు 21 పైన చేరతాడు. పక్కనున్నది 18–20 ఒక్కటే. క్లాసు పిల్లలు అప్పుడూ దొరకరు, ముక్కూముఖం తెలియని పెద్దవాళ్లు దొరుకుతారు!

కిట్టు: ఇంత తంటా ఎందుకు? సెట్టింగ్స్‌లో పుట్టిన తేదీ మార్చండి, చాట్ వచ్చేస్తుంది.

నరహరి: తేదీ తప్పుగా ఉంటే దాన్ని సరిచేయాల్సిందే. ఇక్కడ అడ్డుపడింది ముఖాన్ని బట్టి వేసిన అంచనా. ముందు ఖాతాలో తేదీ చూడాలి. తేదీ సరిగ్గా ఉండి వర్గం తప్పయితే రెండు దారులు: తల్లి ఖాతాను జోడించి అక్కడినుంచి వయసు సరిచేయడం, లేదా 13 దాటినవారైతే గుర్తింపు పత్రం చూపడం.

రఫీ: నాది తేదీ గొడవే. ఫిబ్రవరి 11న పుట్టాను. 11/02 అని కొట్టాను, వాళ్లు అమెరికా వరుసలో నవంబర్ 2గా తీసుకున్నారు. ఫిబ్రవరిలో 18 నిండినా నవంబర్ దాకా నేను వాళ్ల లెక్కలో మైనర్‌నే. పత్రం పంపితే తేదీలు కలవలేదని తిప్పికొట్టారు.

పద్మజ: చాట్ కోసం పిల్లవాడి ఆధార్‌ను విదేశీ కంపెనీకి ఇవ్వాలా? నేనైతే చాట్ పోయినా ఇవ్వను.

కిట్టు: అంకెలు దాచిన ఆధార్ పంపితే సరిపోతుందిగా.

నరహరి: అందులో మొదటి ఎనిమిది అంకెలే దాగుతాయి. ఫోటో, పుట్టిన తేదీ కనిపిస్తూనే ఉంటాయి. అసలు వాళ్లకు కావలసినవీ అవే. అంకెలు లేవని ఆ పత్రాన్ని తిరస్కరించే అవకాశమూ ఉంది. పద్మజగారి భయాన్ని నేను కొట్టిపారేయను, అందుకే తల్లి ఖాతా దారిని ముందు చెప్పాను.

పద్మజ: ఆ దారిలో తల్లి తన వయసు నిరూపించుకోవాలి కదా? అక్కడా పత్రమో కార్డో అడుగుతారు. బిడ్డది దాచి తల్లిది ఇస్తున్నాం, అంతే.

నరహరి: నిజమే. పెద్దవాళ్లది ఇవ్వడం కొంత నయమని నా లెక్క.

సంధ్య: తేదీ సరిగ్గానే ఉంది, అంచనాయే తప్పు. పత్రం ఇవ్వడానికి వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు. నా ఖాతా జోడించి చూస్తాను.