వెయిటేజీ మార్చినా ఫైనల్ పరీక్ష ప్రభావం తగ్గడం లేదు: ఏం చేయాలి?

డిగ్రీ విద్యార్థులకు గణితం బోధిస్తున్నాను. మా కళాశాలలో ఇంటర్నల్స్‌కు 40, ఫైనల్‌కు 60 మార్కులు. ఇంటర్నల్స్‌లో అందరికీ 33 నుంచి 38 లోపే వస్తుండగా, ఫైనల్‌లో 15 నుంచి 52 వరకు వస్తున్నందున, కాగితం మీద 40 శాతమున్న ఇంటర్నల్స్ నిజానికి ర్యాంకును దాదాపు నిర్ణయించడం లేదు. సెమిస్టరంతా శ్రద్ధగా చదివి 38 తెచ్చుకున్న అమ్మాయి, జ్వరంతో ఫైనల్ రాసి 20 తెచ్చుకోగా మొత్తం 58 వచ్చింది. 33 వచ్చిన మరొకరు ఫైనల్‌లో 45 తెచ్చుకుని 78కి చేరారు. ఇది నన్ను చాలా బాధించింది.

వెయిటేజీని తిరగేసి ఇంటర్నల్స్‌కు 60, ఫైనల్‌కు 40 ఇచ్చి లెక్కించినా, మార్కుల వ్యత్యాసం ఇంటర్నల్స్‌లో 7.5, ఫైనల్‌లో సుమారు 25గానే ఉంది. అందువల్ల ఇంటర్నల్ ప్రశ్నలను కఠినతరం చేసి వ్యత్యాసాన్ని పెంచడం మేలా, లేక రెండింటినీ ప్రామాణిక విచలనంతో భాగించి కలపడం న్యాయమా? రెండో పద్ధతిలో, ఇంటర్నల్స్‌లో ఒకటి రెండు మార్కుల యాదృచ్ఛిక తేడా కూడా పెద్దదైపోతుందని నా సందేహం. అనుభవమున్న అధ్యాపకులు దయచేసి తెలుపగలరు.