కర్త పోయాక సంతకం ఎవరిది? కొడుకుదా, తమ్ముడిదా?

రవి_కె
మా పెదనాన్న మూడు నెలల కింద పోయారు. తాత 1998లో పోయినప్పటి నుంచి 9 ఎకరాల పొలం, పాత ఇంటి అద్దె ఉమ్మడి కుటుంబ కర్తగా ఆయనే చూసేవారు, పంపకాలు జరగలేదు. ఉమ్మడి కుటుంబం పేరు మీద బ్యాంకు ఖాతా ఉంది, సంతకం ఆయనదే. ఇప్పుడు ఆయన కొడుకు (42) "నాన్న తర్వాత కర్తని నేనే" అంటున్నాడు. మా నాన్న (64) "తమ్ముణ్ని నేనుండగా నువ్వెలా అవుతావు" అంటున్నారు. బ్యాంకు వాళ్లు ఖాతా ఆపేశారు. ఎవరిది కరెక్ట్?

పెద్దబావి
ఇందులో చర్చేముంది? తలకొరివి పెట్టింది ఎవరు? కొడుకే కదా. కర్మ చేసినవాడే కుటుంబానికి పెద్ద. మా వైపు తరతరాలుగా ఇంతే. మీ నాన్నగారు పెద్దరికంగా పక్కన కూర్చుని సలహాలు చెప్పాలి.

చిన్నోడు99
నామినీ ఎవరో చూడండి బ్రో, వాళ్లకే వస్తుంది.

పాతప్లీడరు
నామినీ సంగతి వదిలేయండి, ఉమ్మడి కుటుంబం ఖాతాకి నామినీ ఉండరు, అది ఒకరి సొంత డబ్బు కాదు.

రవి గారూ, కర్త పదవి ఆస్తి కాదు, తండ్రి నుంచి కొడుక్కి దిగిరావడానికి. పుట్టుకతో హక్కు ఉన్నవాళ్లలో మిగిలిన పెద్దవాళ్ల చేతికి అది వెళ్తుంది. తండ్రీ పిల్లలే ఉన్న ఇంట్లో ఆ పెద్ద మామూలుగా కొడుకే అవుతాడు, అందుకే పెద్దబావి గారికి అలా అనిపించింది. అన్నదమ్ములు విడిపోని ఇంట్లో మాత్రం అన్న తర్వాత తమ్ముడే. చిన్నవాడు కర్త కాకూడదని కాదు, మిగతా హక్కుదారులంతా ఒప్పుకుంటే కావచ్చు. మీ నాన్నగారు ఒప్పుకోవడం లేదు కాబట్టి ఆ దారి మూసుకుంది. కర్మకీ దీనికీ సంబంధం లేదు.

పెద్దబావి
సంబంధం లేదని మీరెవరు చెప్పడానికి? పిండం పెట్టేవాడికి లేని హక్కు బాబాయికి ఎక్కడి నుంచి వచ్చింది? మా నాన్న పోయాక మా బాబాయి "నేను చూసుకుంటాలే" అన్నాడు, పదకొండేళ్లు చూసుకున్నాడు, చివరికి లెక్క అడిగితే "ఖర్చయిపోయింది" అన్నాడు. ఆ చట్టం మాట నాకు చెప్పకండి.

లక్ష్మీప్రసన్న
నా గోడు కూడా వినండి. మా వారు పోయాక ఆయన ఉమ్మడి ఖాతాకి సంతకం నేను పెడతానంటే బ్యాంకులో కుదరదన్నారు. ఇరవై ఏళ్లు ఆ ఇంటి లెక్కలు రాసింది నేనే! చివరికి 22 ఏళ్ల మా అమ్మాయి కర్త అయింది. భార్యకి లేని అర్హత కూతురికి ఎలా వచ్చిందో ఆ మేనేజర్‌కే తెలియదు, సర్క్యులర్ అన్నాడు. ఇదేం న్యాయం?

పాతప్లీడరు
అమ్మా, మీ కోపం న్యాయమే, కానీ బ్యాంకు చేసింది తప్పు కాదు. కోడలు ఆ కుటుంబ సభ్యురాలే, కాకపోతే పుట్టుకతో హక్కు లేదు, కర్త కావాలంటే అది ఉండాలి. 2005 సెప్టెంబర్ 9 నుంచి కూతురికి కొడుకుతో సమానంగా ఆ హక్కు వచ్చింది, పెళ్లయినా సరే. పెద్ద కూతురు కర్త కావచ్చని ఢిల్లీ హైకోర్టు 2015లో చెప్పింది, ఆ తీర్పునే 2023లో అక్కడి డివిజన్ బెంచ్ కూడా నిలబెట్టింది. అది మన కోర్టులను కట్టేయదు, కానీ దాన్ని చూపించి వాదించుకోవచ్చు.

రవి_కె
థాంక్స్ అండి. ఈ తీర్పుల ప్రకారం మా నాన్నే కదా మరి. అన్నయ్యకి ఇదే చూపిస్తాను.

పాతప్లీడరు
ఆగండి. మీ నాన్నగారికీ పెదనాన్నగారికీ అక్కచెల్లెళ్లు ఉన్నారా?

రవి_కె
ఒక అత్త ఉంది, అందరికంటే పెద్దది, 71. పెళ్లయి యాభై ఏళ్లు. ఆవిడకేం సంబంధం?

పాతప్లీడరు
మీ ఇంట్లో ఇద్దరూ మర్చిపోయింది ఆవిడనే. తండ్రి 2005 కంటే ముందే పోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకమో కోర్టు డిక్రీయో ఉంటే వేరే మాట, మీకు పంపకమే లేదన్నారు. కాబట్టి వయసు లెక్కన ముందు వరసలో ఉన్నది అత్తగారు. ఆవిడ వద్దంటే మీ నాన్నగారు.

పెద్దబావి
అత్తగారింట్లో ఉన్న ఆడమనిషి పుట్టింటికి కర్తా? రేపు ఆవిడ అల్లుడు వచ్చి పొలం గట్టు మీద నిలబడతాడు. ఇక ఉమ్మడి కుటుంబం అనే మాట ఎందుకు?

లక్ష్మీప్రసన్న
బాబాయి పదకొండేళ్లు తినేశాడని ఏడ్చింది మీరే. ఆ బాబాయి స్థానంలో అత్త ఉంటే ఏమయ్యేదో మీకేం తెలుసు?

పెద్దబావి
నా ఇంటి విషయం ఎత్తొద్దండీ.

రవి_కె
అత్త 1990లోనే "పుట్టింటి ఆస్తిలో నాకేమీ వద్దు" అని కాగితం రాసి తాత చేతికిచ్చింది. నాన్న దాచారు.

పాతప్లీడరు
రిజిస్టర్ అయిందా? వంద రూపాయలు దాటిన స్థిరాస్తి హక్కు వదులుకోవాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. పైగా 1990లో ఆవిడకి ఆ హక్కే లేదు, రాబోయే హక్కుని ముందే వదులుకోవడం మామూలుగా చెల్లదు. అప్పుడు డబ్బు తీసుకుని రాసిచ్చి ఉంటే మాత్రం అవతలివాళ్లకి ఒక వాదన ఉంటుంది. ఆ కాగితం చూడకుండా ఇంతకంటే చెప్పలేను.

అన్నయ్య_నేనే
తమ్ముడూ రవీ, నీ పోస్టు ఎవరో పంపితే చూశాను. సంతకం కోసం నాకు ఆత్రం లేదు. బాబాయి చేతికి ఖాతా వెళ్తే మా అమ్మ, చెల్లి వాటా కూడా ఆయన మాట మీదే నడవాలి, అది నా భయం. ఆ ఇంటి అద్దె ఆరేళ్లుగా ఎవరి ఇంటికి వెళ్లిందో నీకు తెలుసు. అది రాయలేదేం?

రవి_కె
అది పెదనాన్నే ఇచ్చారు, మా నాన్న ఆపరేషన్‌కి. ఇక్కడ అందరి ముందూ ఎందుకు?

పాతప్లీడరు
అసలు గొడవ ఇప్పుడు బయటపడింది. కొత్త కర్త ఎవరైనా సరే, పోయిన ఆయన సొంత వాటా మీద పెత్తనం రాదు. తాతగారి వాటా చిక్కు పక్కన పెట్టి చెప్తాను. 9 ఎకరాలు ముగ్గురు తోబుట్టువులకి మూడేసి. పెదనాన్నగారి మూడింట్లో ఆయనకొకటి, కొడుక్కొకటి, కూతురికొకటి. వీలునామా లేకపోతే ఆయన ఒక ఎకరం భార్యకీ ఇద్దరు పిల్లలకీ తలా 33 సెంట్లుగా వెళ్తుంది, అది వాళ్ల సొంతం. మిగతా 8 ఎకరాలే ఉమ్మడిలో ఉంటాయి. వాటిని కూడా కుటుంబ అవసరం చూపించకుండా కర్త అమ్మితే ఆ అమ్మకాన్ని కోర్టులో కొట్టేయించవచ్చు.

ఆరేళ్ల అద్దె సంగతి కష్టం. మోసం రుజువు చేయలేకపోతే పాత లెక్కలు తిరగదోడలేరు, పంపకం రోజున ఏముందో అదే చూస్తారు. ఆపరేషన్ కుటుంబ ఖర్చే అంటారు చాలామంది జడ్జీలు. మీ బాబాయి గారి మీద నమ్మకం లేకపోతే కర్త గురించి కొట్లాడకండి, పంపకం కోరుతూ నోటీసు ఇవ్వండి, అక్కడితో ఆయన పెత్తనం మీ శాఖ మీద ఆగిపోతుంది.

అన్నయ్య_నేనే
నోటీసు ఇస్తే అమ్మ నాతో మాట్లాడదు.

రవి_కె
ఖాతా తెరిపించడానికి ఇప్పుడేం కావాలి? అద్దె చెక్కు పడి ఉంది.

పాతప్లీడరు
మరణ ధ్రువపత్రం, కొత్త కర్త ఫలానా అని మేజర్లైన హక్కుదారులందరూ సంతకాలు పెట్టిన పత్రం. కుటుంబం పాన్ అదే ఉంటుంది, మార్చక్కర్లేదు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో కొత్త కర్త వివరాలు మాత్రం ఎక్కించాలి. సంతకాల్లో మీ అత్తగారిదీ, అన్నయ్య చెల్లెలిదీ లేకపోతే రేపు అదే కొత్త కేసు అవుతుంది.

పెద్దబావి
అత్త సంతకం పెట్టకపోతే?

రవి_కె
ఆదివారం అత్త ఇంటికి వెళ్తున్నాం, నాన్నా నేనూ. అన్నయ్యా, నువ్వూ రా. ఆ 1990 కాగితం తెస్తాం.

అన్నయ్య_నేనే
చెల్లిని కూడా తీసుకొస్తాను. అద్దె లెక్క కాగితం మీద ఉంటేనే వస్తాను.