రైలు నడిపిన గుమాస్తాది కూడా నేరమేనా?

సందేహి: యూదుల సామూహిక హత్యకు హిట్లర్, అతని ముఠా బాధ్యులు. వాళ్లను హత్యా శిబిరాలకు తీసుకెళ్లిన రైళ్లకు టైంటేబుల్ వేసిన రైల్వే గుమాస్తాను కూడా దోషి అనడం న్యాయమా? ఇన్నేళ్ల తర్వాత ఇంకా తవ్వుకోవడం ఎందుకు?

గౌతమి తీరం: న్యాయం కాదు. 1942 జనవరిలో బెర్లిన్ దగ్గర వాన్సీలో జరిగిన సమావేశంలో నాజీ పెద్దలు నిర్ణయించారు, కిందివాళ్లు పాటించారు. కాదంటే కాల్చేసేవారు.

పాత దస్త్రాలు: వాన్సీ నాటికే హత్యలు మొదలైపోయాయి. సోవియట్ భూభాగంలో 1941 వేసవి నుంచీ లక్షల మందిని కాల్చి చంపారు. వాన్సీలో జరిగింది శాఖల మధ్య సమన్వయం. ఇక కాల్చేసేవారన్న మాట యుద్ధానంతర విచారణల్లో నిందితులు పదేపదే చెప్పినదే. నిరాయుధులను చంపనన్నందుకు మరణశిక్ష పడిన జర్మన్ ఒక్కడినీ వాళ్లు చూపలేకపోయారు.

జర్మన్ రైల్వే లెక్కలు చూడండి. మనుషులను సరకు పెట్టెల్లో కుక్కినా, ఛార్జీ మాత్రం మూడో తరగతిది వేశారు. పదేళ్లలోపు పిల్లలకు సగం, నాలుగేళ్లలోపు వారికి ఉచితం. నాలుగు వందల మంది దాటితే రాయితీ. రానుపోను ఛార్జీ కాపలావాళ్లకే. గ్రీసులోని థెస్సలొనీకి యూదుల ప్రయాణ ఖర్చును వాళ్ల నుంచే జప్తు చేసిన ఆస్తితో కట్టాలన్నది ఏర్పాటు.

ఖజానా ఉద్యోగి: నేను ఏళ్ల తరబడి బిల్లులు పాస్ చేశాను. మా ముందుకు వచ్చేది అంకె, మంజూరు ఉత్తర్వు. వాటి వెనక ఏముందో గుమాస్తాకు ఎలా తెలుస్తుంది?

పాత దస్త్రాలు: మీ బిల్లుకూ ఆ టైంటేబుల్‌కూ తేడా ఉందండీ. పోలండ్‌లోని ట్రెబ్లింకా హత్యా శిబిరానికి వెళ్లే బండ్ల ఉత్తర్వుల్లో తిరుగు ప్రయాణానికి ‘ఖాళీ బండి’ అనే ఉండేది. 1942 జూలై 22 నుంచి రోజూ ఐదు వేల మందితో వార్సా నుంచి ఒక రైలు అక్కడికి వెళుతోందని రైల్వే ఉన్నతాధికారి గాన్‌జెన్‌ముల్లర్ స్వయంగా ఉత్తరం రాశాడు. రెండు నెలల్లో రెండున్నర లక్షల మందికి పైగా వెళ్లారు. ట్రెబ్లింకాది పల్లెటూరి స్టేషన్. అంతమంది అక్కడ ఎలా ఉంటారని అడగడానికి రహస్య సమాచారమేదీ అక్కరలేదు. గాన్‌జెన్‌ముల్లర్ మీద 1973లో విచారణ మొదలైంది, అతని గుండెపోటుతో ఆగిపోయింది. 1996 దాకా బతికాడు. నాకు కోపం తెప్పించేది ఇదే.

సందేహి: సరే, అతను పై అధికారి. చనిపోయాడు కూడా. ఇప్పుడు ఎవరికి లాభం?

హేగ్ నుంచి తెలుగమ్మాయి: ఇక్కడి నెదర్లాండ్స్ రైల్వే కూడా వెస్టర్‌బోర్క్ శిబిరానికీ, అక్కడి నుంచి జర్మన్ సరిహద్దుకూ యూదులను చేరవేసి డబ్బు పుచ్చుకుంది. తల్లిదండ్రులను ఆష్విట్జ్‌లో పోగొట్టుకున్న సాలో ముల్లర్ పట్టువదలకుండా అడిగితే, 2019లో బాధితులకూ వారసులకూ పరిహారం ప్రకటించింది. పాత లెక్కలు ఎవరూ తవ్వకపోతే ఆయన దేని ఆధారంగా అడిగేవారు?

ఖజానా ఉద్యోగి: సంస్థ సంగతి ఒప్పుకుంటాను. పల్లెటూరి స్టేషన్‌లో డ్యూటీ చేసేవాడు ఏం చేయగలడు?

పాత దస్త్రాలు: ట్రెబ్లింకా స్టేషన్‌లో పనిచేసిన పోలిష్ ఉద్యోగి ఫ్రాంచిషెక్ జాంబెట్స్కి వచ్చిన బండ్ల వివరాలు రాసుకుని ప్రతిఘటన దళానికి పంపాడు. కొన్ని రవాణా పత్రాలను దాచి, యుద్ధం తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పాడు.

ఖజానా ఉద్యోగి: ఆయన ముందే ఆ దళంలో ఉన్న మనిషి. పిల్లలున్న మామూలు గుమాస్తా నుంచి అంత తెగువ ఆశించడం నాకు ఇంకా న్యాయంగా అనిపించడం లేదు.

పాత దస్త్రాలు: తెగువ అడగడం లేదండీ. వేరే సెక్షన్‌కు బదిలీ చేయమని ఒక అర్జీ అయినా పెట్టుకోవచ్చు కదా.