సంతకానికి ముందు సరఫరాదారును రిఫరెన్సులు, ధ్రువపత్రాలు అడగడం ఎలా?

కొనుగోళ్ల బల్ల

నమస్కారం. సీసాల్లో నింపిన సరుకును అట్టపెట్టెల్లో పెట్టి పంపించే ఒక చిన్న సంస్థలో కొనుగోళ్లు చూస్తాను. ఇన్నాళ్లూ పెట్టెలు ఇచ్చినవారు వ్యాపారం మానుకుంటున్నందున, నెలకు సుమారు 8,000 అయిదు పొరల పెట్టెల కోసం కొత్తవారితో ఏడాది ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. నమూనాలు బాగున్నాయి, ధర కుదిరింది, ముసాయిదా కూడా సిద్ధమైంది. ఇప్పుడు మా యజమాని వారి ఖాతాదారుల పేర్లు, ధ్రువపత్రాలు తెప్పించమన్నారు. ఆ సంస్థను నడిపే పెద్దాయన నా తండ్రి వయసువారు, నాలుగుసార్లు స్వయంగా వచ్చి నమూనాలు చూపించారు. ఇంత దూరం వచ్చాక ఈ మాట ఎత్తితే అనుమానించినట్టు ఉంటుందేమోనని ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేస్తున్నాను. మీరు ఎలా అడుగుతారు, ఏమేమి అడుగుతారు?

పాత రిజిస్టరు

మీ ఇబ్బంది అడగడంలో లేదండి, ఆలస్యంగా అడగడంలో ఉంది. ధర కోసం మొదటి ఉత్తరం రాసినప్పుడే పత్రాల జాబితా దానితోపాటు వెళితే అది ఒక ఫారం మాత్రమే. ధర తెగిన తరువాత వెళితే, మధ్యలో ఎవరో ఏదో చెప్పారని అవతలివారు అనుకోవడానికి ఆస్కారం ఉంటుంది. అయినా మించిపోయిందేమీ లేదు. క్షమాపణతో మాత్రం మొదలుపెట్టకండి. "తప్పుగా అనుకోవద్దు" అన్నామంటే తప్పుగా అనుకోవడానికి ఇందులో ఏదో ఉందని మనమే చెప్పినట్టు. నేను ఇరవై ఏళ్లుగా దాదాపు ఇవే వాక్యాలు పంపుతున్నాను:

"ఏడాది ఒప్పందంపై సంతకానికి ముందు ప్రతి కొత్త సరఫరాదారు నుంచి కొన్ని వివరాలు తీసుకుని ఫైలులో ఉంచడం మా సంస్థలో పరిపాటి. దయచేసి మీ సంస్థ నమోదు పత్రం, చెల్లుబాటులో ఉన్న నాణ్యతా ధ్రువపత్రం ప్రతి, బీమా పత్రం ప్రతి, మా అవసరానికి దగ్గరగా ఉన్న సరుకును ఏడాదికి పైగా మీ వద్ద తీసుకుంటున్న ఇద్దరు ముగ్గురు ఖాతాదారుల వివరాలు వారి అనుమతితో పంపగలరు. మా సంస్థ నమోదు పత్రాన్ని, మేము చెల్లింపులు ఎలా చేస్తామో చెప్పగల ఇద్దరు సరఫరాదారుల వివరాలను ఈ ఉత్తరానికి జతచేశాను."

ఆ చివరి వాక్యాన్ని వదిలిపెట్టవద్దు. అరువు మీద సరుకు ఇచ్చేది వారు కాబట్టి మన గురించి తెలుసుకోవలసిన అవసరం వారికీ ఉంది. మన కాగితాలు ముందుగా వారి చేతికి అందితే పరీక్ష పెట్టినట్టు ఉండదు. ఇంకొక మాట: "పరిపాటి" అని రాసినప్పుడు అది నిజమై ఉండాలి. ఇప్పటివరకు మీకు ఆ అలవాటు లేకపోతే "ఇకపై" అని చేర్చండి, తరువాత వచ్చేవారికీ ఇదే ఉత్తరం పంపండి.

ఒక్క పత్రం చాలు

ఇంత తతంగం అవసరమా? ఐఎస్ఓ 9001 పత్రం ఒక్కటి అడిగితే సరిపోతుంది. ఐఎస్ఓ వారు స్వయంగా వచ్చి కర్మాగారాన్ని పరిశీలించిన తరువాతే అది ఇస్తారు. వారి కంటే మనం ఎక్కువగా ఏమి పరిశీలించగలం? ఖాతాదారుల పేర్లు అడిగితే ఎవరైనా తమను పొగిడేవారి పేర్లే ఇస్తారు.

నాణ్యత విభాగం

చివరి వాక్యం సగం నిజం, మొదటిది నిజం కాదు. ఐఎస్ఓ ప్రమాణాన్ని రాస్తుంది, పత్రాలు ఇవ్వదు. వాటిని ఇచ్చేవి వేరే ధ్రువీకరణ సంస్థలు. ఆ సంస్థలకు గుర్తింపు ఇచ్చే అక్రిడిటేషన్ సంస్థ మరొకటి ఉంటుంది. అందుకే పత్రం మీద రెండు ముద్రలూ ఉన్నాయా అని చూడాలి. గుర్తింపు లేని సంస్థ నుంచి కాగితం తెచ్చుకోవడం కష్టమేమీ కాదు.

ముద్రల కంటే ముఖ్యమైనది, అందరూ చదవకుండా వదిలేసేది పరిధి వాక్యం. ఏ పనికి, ఏ చిరునామాలో ఆ పత్రం వర్తిస్తుందో అక్కడ ఉంటుంది. తయారీ అని ఉందా, క్రయవిక్రయం అని ఉందా, మీ సరుకు వచ్చే షెడ్డు చిరునామా అదేనా అని చూడండి. సాధారణంగా పత్రం మూడేళ్లకు ఇస్తారు, మధ్యలో ఏటా పర్యవేక్షణ తనిఖీ జరగాలి. ఆ తనిఖీ తప్పితే గడువు తేదీ ఇంకా దూరంగా ఉన్నా పత్రాన్ని నిలిపివేసి ఉండవచ్చు, ఆ సంగతి మన చేతిలోని ప్రతి మీద కనిపించదు. IAF CertSearch అనే వెబ్‌సైటులో సంస్థ పేరుతో వెతకవచ్చు. అక్కడ కనిపించనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు, పత్రం ఇచ్చిన సంస్థకే దాని నంబరు రాసి ఒక మెయిల్ పంపండి.

అయినా ఐఎస్ఓ 9001 పని చేసే పద్ధతి గురించినది. ఫలానా పెట్టె ఫలానా బరువు మోస్తుందని అది చెప్పదు. అందుకు ప్రయోగశాల నివేదిక అడగాలి. ఆ నివేదిక కూడా తమకు అందిన నమూనాకే పరిమితమని సాధారణంగా దాని మీదే రాసి ఉంటుంది.

రెండో షెడ్డు

నేను అవతలి వైపు మనిషిని, ప్లాస్టిక్ మూతలు సరఫరా చేస్తాను. నన్ను అడిగితే పత్రాలు అడిగేవారంటే నాకు కోపం. గత ఏడాది ఒకరు పన్నెండు పేజీల ఫారం పంపి, మూడు సంవత్సరాల లెక్కలు అడిగి, చివరికి ఒక్క ఆర్డరు కూడా ఇవ్వలేదు.

పాత రిజిస్టరు

వారు అడుగుతున్నది అది కాదండి. సంతకానికి సిద్ధమైన తరువాత రెండు మూడు కాగితాల గురించి అడుగుతున్నారు.

రెండో షెడ్డు

నిజమే, పైన సరిగా చదవలేదు. అలా అయితే ఒక సలహా. ఖాతాదారుల పేర్లు ఈరోజు అడిగి ఈ సాయంత్రానికే కావాలనకండి. నేను పేరు ఇవ్వాలంటే ముందుగా ఆ ఖాతాదారుకు ఫోను చేసి, "ఫలానావారు మాట్లాడతారు, మీకు అభ్యంతరం లేదు కదా" అని అడగాలి. అందుకు కనీసం మూడు నాలుగు పనిదినాలు పడుతుంది. కొందరితో పేరు బయటపెట్టకూడదని రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటాము. ఆలస్యమైనంత మాత్రాన ఏదో దాస్తున్నాడని అనుకోవద్దు. అలాగే ఫోనులో మా ధర ఎంతని వాళ్లను అడగకండి. ఒకసారి అలా జరిగి, నాకు మంచి ఖాతాదారు దూరమయ్యారు.

కొనుగోళ్ల బల్ల

పది రోజుల తరువాత రాస్తున్నాను. పాత రిజిస్టరు గారి ఉత్తరాన్ని "ఇకపై" చేర్చి పంపాను. పెద్దాయన మరునాడే ఫోను చేసి, "మీ కాగితాలు అందాయమ్మా, మావి సోమవారం పంపుతాను" అన్నారు. అంతే, నేను భయపడినది ఏమీ జరగలేదు.

పత్రంలో గడువు, చిరునామా సరిగానే ఉన్నాయి, ఇచ్చిన సంస్థ కూడా ధ్రువీకరించింది. కాని పరిధి వాక్యంలో "అట్ట షీట్లను పెట్టెలుగా మార్చడం, విక్రయించడం" అని ఉంది. అంటే కాగితాన్ని మడతలు వేసి అట్టగా చేసే యంత్రం వారి వద్ద లేదు. అట్టను బయట కొని, కోసి, ముద్రించి, అతికిస్తారు. తప్పు పట్టినట్టు లేకుండా ఎలా అడగాలా అని ఆలోచించి ఇలా రాశాను: "మా ఫైలులో నమోదు చేసుకోవడానికి, అట్ట ఎక్కడి నుంచి వస్తుందో, అది మారినప్పుడు మాకు తెలియజేసే పద్ధతి ఏమిటో చెప్పగలరా?" రెండు చోట్ల నుంచి కొంటామని, నమూనాలు మొదటి చోటి అట్టతో చేసినవని దాపరికం లేకుండా చెప్పారు. వారు పంపిన ప్రయోగశాల నివేదిక కూడా ఆ అట్టదే. రెండో చోటి అట్టతో చేసిన పెట్టెను ఎవరూ పరీక్షించలేదు.

నాణ్యత విభాగం

అలా మార్చేవారు ఈ రంగంలో చాలామంది ఉన్నారు, అదేమీ లోపం కాదు. మీ సంగతి రెండో అట్ట దగ్గర ఉంది. దానితో చేసిన పెట్టెకు కూడా ఒత్తిడి పరీక్ష చేయించి ఇవ్వమనండి, అట్ట వచ్చే చోటు మారితే ముందుగా రాతపూర్వకంగా తెలపాలన్న వాక్యాన్ని ఒప్పందంలో చేర్చండి. ఖాతాదారులతో మాట్లాడారా?

కొనుగోళ్ల బల్ల

ముగ్గురి పేర్లు ఇచ్చారు. మొదటివారు "చాలా మంచివారు, బంగారం లాంటి మనిషి" అని పది నిమిషాలు చెప్పారు. నెలకు ఎన్ని తీసుకుంటారని అడిగితే మూడు పొరల చిన్న పెట్టెలు 500 అన్నారు. మాటలో అబద్ధం లేదు, కాని అది నాకు పనికివచ్చే మాట కాదు. రెండోవారు అయిదు పొరలవే నెలకు 6,000 తీసుకుంటారు. వారిని బాగున్నాయా అని అడగకుండా, చివరిసారి సరుకు ఆలస్యమైనప్పుడు ఎన్ని రోజులు పట్టింది, ముందుగా ఫోను ఎవరు చేశారు, గోదాములో ఎన్ని వరుసలు పేరుస్తారు అని అడిగాను. కొంచెంసేపు ఆగి చెప్పారు: "నిరుడు ఒకసారి ఆరు రోజులు ఆలస్యమైంది, వారే రెండు రోజుల ముందు ఫోను చేశారు. ఏడు వరుసలు పేరుస్తాము. తేమ ఎక్కువగా ఉన్న నెలల్లో అడుగు వరుస పెట్టెలు కొన్ని ఉబ్బితే లెక్కపెట్టి మార్చి ఇచ్చారు." మేము పేర్చేది ఎనిమిది వరుసలు. మూడోవారు ఫోను ఎత్తడం లేదు.

పాత రిజిస్టరు

అడిగిన తీరు బాగుంది. ఉబ్బినవి ఏ అట్టవో పెద్దాయననే అడగండి, ఆ ఖాతాదారు అనుమతి తీసుకోకుండా వారి పేరు మాత్రం ఎత్తకండి. మూడోవారి కోసం ఇంకొక పేరు ఇవ్వమనడంలో తప్పులేదు. వీలైతే వారి వద్ద తీసుకోవడం మానేసిన ఖాతాదారు పేరు ఒకటి అడగండి. ఎందుకు మానేశారో సరఫరాదారు తన నోటితో చెప్పే తీరులోనే చాలా తెలుస్తుంది.

రెండో షెడ్డు

దానికి నేను ఒప్పుకోను. వెళ్లిపోయినవారి పేరు నన్ను అడిగితే ఇవ్వను. గొడవపడి వెళ్లినవారు న్యాయంగా మాట్లాడతారన్న హామీ ఏముంది?

పాత రిజిస్టరు

ఇవ్వకపోయినా నేను తప్పుగా అనుకోను, కాని అడగడం మానను.

కొనుగోళ్ల బల్ల

పేరు అడగలేదు, ఎవరైనా మానేశారా అని మాత్రం అడిగాను. ఒకరు మానేశారని, పెట్టెల మీద రంగు ముద్ర తమ యంత్రంతో సరిగా రాలేదని చెప్పారు. మాకు ఒకే రంగు ముద్ర కనుక ఆ ఇబ్బంది లేదు. ఉబ్బినవి రెండో అట్టవేనని కూడా ఆయనే ఒప్పుకున్నారు. ఎనిమిది వరుసల బరువుకు ఒత్తిడి పరీక్ష వచ్చే వారం చేయిస్తామన్నారు. అంతవరకు సంతకం ఆపమని మా యజమానికి చెప్పాను. ఈలోగా ఒక సందేహం: పరీక్షకు పంపే పెట్టెలను వారు ఎంచి పంపాలా, లేక నేనే వారి షెడ్డుకు వెళ్లి కట్టల మధ్య నుంచి తీసుకుంటానని అడగవచ్చా?