అప్‌డేట్: ఉద్యోగం పోయిన ఫ్రెండ్ గురించి అడిగాను కదా

నా ప్రశ్న: "ఫ్రెండ్‌కి ఉద్యోగం పోయింది. ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తున్నాడు. జాలి చూపిస్తున్నట్టు కాకుండా ఎలా తోడుండాలి?"

అందరికీ థాంక్స్. "నేను ఊరికే వినాలా, వెతకడంలో సాయం చేయాలా?" అని వాడినే అడగమన్నారు చూడండి, అదే పనిచేసింది. "విను చాలు" అన్నాడు. నేను రోజూ పంపిన ఉద్యోగాల లింకులు ఒక్కటీ తెరవలేదట, హోంవర్క్ ఇస్తున్నట్టు ఉండేదట! ఆపేశాను. "ఏమైనా తెలిసిందా?" అనడం కూడా మానేసి, ఎప్పటిలాగే సాయంత్రం నడకకి పిలిచాను. మూడో వారంలో వాడే రెజ్యూమె చూడమన్నాడు. అడిగిన పేరా వరకే చెప్పాను. డబ్బు ఇవ్వాలా వద్దా అని తెగ మథనపడ్డాను గానీ, ఆ అవసరమే రాలేదు. ఉద్యోగం ఇంకా దొరకలేదు. ఫోన్ మాత్రం ఇప్పుడు వాడే చేస్తున్నాడు.