షుగర్ సెన్సార్ అలారం: లో ఎంతకి, హై ఎంతకి పెట్టుకున్నారు? రాత్రుళ్ళు నిద్ర లేదు

బాబు_అమ్మ (గుంటూరు)
మా బాబుకి 9 ఏళ్ళు, 26 కేజీలు, టైప్ 1 షుగర్ వచ్చి 14 నెలలైంది. పెన్‌తోనే ఇన్సులిన్, చేతికి సెన్సార్ పెట్టి నాలుగు నెలలు. లో 80కి, హై 180కి పెట్టాను, 70 నుంచి 180 మధ్యలో ఉండాలన్నారు కదా అని. ఇక రోజంతా మోతే. పోయిన వారం కూర్చుని రాసుకున్నాను, ఏడు రోజుల్లో 74 సార్లు మోగింది.

ఆదివారం రాత్రి జరిగింది చెప్తాను. ఒంటిగంటకి లో అని మోగింది, లేచి వేలు గుచ్చి చూస్తే 104. రెండింటికి మళ్ళీ మోగింది, చూస్తే 98. మూడుంబావుకి ఇంకోసారి మోగితే మావారు సైలెంట్ నొక్కేసి పడుకున్నారు, ఆయన తప్పేం లేదు, ఆ మూడోది కూడా ఉత్తదే అని తర్వాత గ్రాఫ్‌లో తెలిసింది. నాలుగింటికి మోగింది మాత్రం నిజం. 40 నిమిషాలు ఎవరం లేవలేదు. నాకు మెలకువ వచ్చి ముట్టుకుంటే బాబు బనియన్, దిండు గలీబు తడిసి ముద్దయిపోయి ఉన్నాయి, మీటర్‌లో 49. గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి పట్టాను, తాగాడు, తేరుకున్నాడు. అప్పట్నుంచి నాకు అలారం మోగినా భయం, మోగకపోయినా భయం. మీరంతా ఎంతకి పెట్టుకున్నారో చెప్పండి ప్లీజ్.

శ్రీను_వరంగల్
అక్కా నేను లో 60, హై 300 పెట్టుకున్న, ఆర్నెల్ల సంది మంచిగ నిద్ర పోతున్న. సెన్సార్ ఎట్లాగూ ఒక పది పదిహేను అటుఇటు చూపిస్తది, 80కి పెడితే రోజంత మోగుడే ఉంటది. 180 అయితే అన్నం తిన్న ప్రతిసారి దాటుతది, దానికి అలారం ఎందుకు చెప్పు.

కృష్ణారావు_నెల్లూరు
అమ్మా 300 ఏంటి, 180 ఏంటి? మా నాన్నగారికి 68 ఏళ్ళు, మాత్రలే వాడతారు, డాక్టర్ గారు 14 రోజులు సెన్సార్ పెట్టించారు, తిన్నాక 140 దాటితే ఎక్కువే అని మేం చదివాం. పిల్లాడికి 300 దాకా వదిలేస్తే కిడ్నీలు, కళ్ళు ఏమైపోవాలి? అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టి చూడండి.

పదిహేడేళ్ళ_టైప్1
నాకు ఇంటర్‌లో వచ్చింది, 17 ఏళ్ళయింది, డయాబెటిస్ క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నాను, అలారం మోతలు ఇంట్లోనూ వింటాను ఆఫీసులోనూ వింటాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఏమనుకోకండి.

ముందు కృష్ణారావు గారికి. షుగర్ ఎక్కడ ఉండాలి అన్నది ఒక గీత, ఫోన్ ఎక్కడ మోగాలి అన్నది వేరే గీత అండీ. 250కి అలారం పెడితే 250 దాకా పర్లేదని కాదు. 180 దాటింది, ఎంతసేపు ఉంది, ఇవన్నీ గ్రాఫ్‌లో ఎలాగూ ఉంటాయి, రెండు వారాలకోసారి రిపోర్ట్ చూసి డోసు మార్చుకుంటాం. అలారం మాత్రం ఆ నిమిషంలో లేచి చెయ్యాల్సిన పని ఉన్నప్పుడే మోగాలి. మాత్రల మీద ఉన్న పెద్దాయనకీ ఇన్సులిన్ మీద ఉన్న పిల్లాడికీ లెక్క ఒకటి కాదు కూడా.

బాబు అమ్మగారూ, ఆ 74 సార్లు రాసుకున్నారు కదా, పక్కన ఇంకో రెండు గళ్ళు గీసి, అది తిన్న ఎంతసేపటికి మోగింది, మోగాక మీరేం చేశారు అని రాసి ఇక్కడ పెట్టగలరా?

బాబు_అమ్మ (గుంటూరు)
రాశానండీ. 49 హైవి, 25 లోవి. హైలో 38 తిన్న రెండు గంటల లోపే మోగినవి. లోలో నిజంగా 70 కిందకి వెళ్ళినవి 9, రాత్రి ఉత్తుత్తివి 5, మిగతా 11 ఏమో 76, 78 దాకా వచ్చి వాటంతట అవే పైకెళ్ళినవి.

ఇంకోటి చెప్పాలి. గురువారం సెలవు, పొద్దున 8:15కి రెండు దోసెలు తిన్నాడు, దానికి ఇన్సులిన్ ఇచ్చాను. 9:05కి 196 పైకి బాణం అని మోగింది, ఒకటిన్నర యూనిట్ వేశాను. 9:50కి 231 అని మళ్ళీ మోగితే ఇంకో యూనిట్ వేశాను. 11:40కి 52. క్రికెట్ ఆడుతూ ఆడుతూ కింద కూర్చుండిపోయాడు.

పదిహేడేళ్ళ_టైప్1
మీ గురువారంలోనే జవాబు ఉంది. 8:15కి ఇచ్చిన ఇన్సులిన్ 9:05కి ఇంకా పూర్తి బలానికి రాలేదు. ఈ త్వరగా పనిచేసే ఇన్సులిన్ బలం గంట, గంటన్నర దగ్గర వస్తుంది, ఒంట్లో దాదాపు నాలుగు గంటలు ఉంటుంది. అది లోపల ఉండగానే అలారం మోగిందని మీరు రెండున్నర యూనిట్లు పైన పోశారు, మూడూ కలిసి 11:40కి పడేశాయి. ఆ 38 హై అలారాలకి సరైన పని "ఏమీ చెయ్యకు, చూస్తూ ఉండు" అన్నదే, చెయ్యాల్సిన పని లేని అలారం మనిషిని తప్పు పని చెయ్యమని తోస్తుంది. దోసెకి అలా ఎగరడం రోజూ ఉంటే, ఇన్సులిన్ ఇచ్చి పది పదిహేను నిమిషాలాగి తినిపించడమో, తిండికి ఇచ్చే డోసు మార్చడమో డాక్టర్‌తో మాట్లాడాలి, అది అలారంతో తేలే సంగతి కాదు.

అందుకని హై 250కి మార్చండి, అదీ కాసేపు తగ్గకుండా నిలబడితేనే మోగేలా. మీరు వాడే యాప్ xDrip+ అయితే అందులో `Persistent High Alert` అని ఉంటుంది, గీత దాటి ఇన్ని నిమిషాలు పైనే ఉండి దిగకపోతేనే అరుస్తుంది. వేరే యాప్ అయితే మొదటి హై అలారాన్ని ఆలస్యం చేసే సెట్టింగ్ ఉందేమో చూడండి. రెండు గంటలు 250 పైనే ఉందంటే డోసు మర్చిపోయామా, పెన్ సూది సరిగ్గా దిగలేదా, ఇన్సులిన్ ఎండలో పాడైందా అని చూడాలి, కీటోన్ స్ట్రిప్ వెయ్యాలి. లేచి చెయ్యాల్సిన పనంటే ఇది.

ఇక లో. శ్రీను, హై వెడల్పు చెయ్యమన్నది కరెక్టే తమ్ముడూ, 60 మాత్రం ఒప్పుకోను. సెన్సార్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింద నీరుని, అది రక్తం కంటే ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనక నడుస్తుంది. పిల్లాడు గ్రౌండ్‌లో పరిగెత్తుతుంటే నిమిషానికి 2 చొప్పున పడుతుందనుకో, పది నిమిషాల వెనకబాటుకి 20 తేడా. స్క్రీన్ మీద 60 మోగేసరికి రక్తంలో 40. పొడి నోట్లో పోశాక ఎక్కడానికి ఇంకో పది పదిహేను నిమిషాలు. అదే మంచం మీద నిద్రపోతుంటే చాలాసార్లు మెల్లగా దిగుతుంది, తేడా చిన్నది. కాబట్టి ఒకే అంకె రోజంతా పెట్టడం కాదు, ఎప్పుడు ఎంత వేగంగా పడతాడో చూసి పెట్టాలి. వీడికి నేనైతే సాయంత్రం ఆట టైమ్‌లో 90, మిగతా పగలు 80, రాత్రి 70 పెడతాను. 55కి మోగే అర్జెంట్ అలారం మాత్రం ముట్టుకోవద్దు, దానికి వేరే రింగ్‌టోన్ పెట్టండి, ఇంట్లో ఇంకెక్కడా వినిపించని శబ్దం, నిద్రలో కూడా తేడా తెలిసేలా.

శ్రీను_వరంగల్
నేను ఆడుడు గీడుడు ఏం లేదన్నా, కూసొని చేసే పని. నాకు 65 దగ్గరనే చేతులు వణుకుతయి, తెలిసిపోతది. అందుకే 60 పెట్టుకున్న.

పదిహేడేళ్ళ_టైప్1
అన్నా కాదు అక్కా 🙂 వణుకు తెలియడం మంచిదే, కానీ మాటిమాటికీ లో అవుతుంటే అది తెలియడం తగ్గిపోతుంది. నాకు పదో ఏడుకల్లా 50కి కూడా తెలియడం మానేసింది, అప్పట్నుంచి నాది పగలు 85. నువ్వు కనీసం 70కి తీసుకురా.

లత_లెస్టర్
మాకు ఇక్కడ యూకేలో అంకెలు వేరు, 3.9 అంటే మీ 70, 10 అంటే మీ 180. మా పాప కూడా టైప్ 1. ఆ రాత్రి ఉత్తుత్తి అలారాలు బాబు సెన్సార్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకోవడం వల్ల అయ్యుంటాయి, గ్రాఫ్ చూడండి, నున్నగా వస్తున్న గీత ఉన్నట్టుండి బావిలో పడ్డట్టు కిందకి పడి, పక్కకి తిరగగానే మళ్ళీ పాత చోటికే నిటారుగా లేస్తుంది. నిజమైన లో అలా ఉండదు, వాలుగా దిగి, తీపి పెట్టాక వాలుగా ఎక్కుతుంది. మా పాప కుడివైపే పడుకుంటుంది కాబట్టి సెన్సార్ ఎడమ చేతికి, మోచేతికి పైన బాగా వెనకవైపు పెడతాం, నెలకి ఒకటో రెండో వస్తాయి అంతే. అయినా మోగితే మాత్రం వేలు గుచ్చి చూడకుండా వదలొద్దు. చెమట, వణుకు, మగతగా ఉంటే గుచ్చేదాకా కూడా ఆగకండి, తీపి ముందు.

రాత్రి 70 అన్నది మాత్రం నేను ఒప్పుకోలేను. ఈత క్లాస్ ఉన్న రోజు రాత్రి మా పాపకి రెండింటికి కూడా గబగబా పడుతుంది. మేం రాత్రి కూడా 4.5, అంటే మీ 80 ఉంచాం.

పదిహేడేళ్ళ_టైప్1
ఆడిన రోజు రాత్రికి మీరన్నది నిజమే, ఆ ఒక్క రాత్రికి పెంచుకోవచ్చు. రోజూ 80 అంటే వీళ్ళింట్లో ఆ 76, 78 అలారాలు మళ్ళీ లేపుతాయి, నాలుగోసారికి ఎవరూ లేవరు. ఇది ఇంటింటికీ తేలాల్సిందే.

బాబు అమ్మగారూ, స్నూజ్ సంగతి మర్చిపోయాను. లోకి 15 నిమిషాలు, ఎందుకంటే పొడి పని చెయ్యడానికి అంత పడుతుంది. బాబు బరువుకి సుమారు 8 గ్రాములు, రెండు చిన్న చెంచాలు చాలు, ఐదు నిమిషాలకే మళ్ళీ మోగితే భయపడి ఇంకో రెండు చెంచాలు పోస్తాం, తెల్లారేసరికి 280. హైకి స్నూజ్ రెండు గంటలు. ఫోన్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆదా ఆపండి, లేకపోతే రాత్రి ఫోనే యాప్‌ని చంపేస్తుంది. సిగ్నల్ పోయిందని చెప్పే అలారం విసుగనిపించినా ఉంచండి, అది లేకపోతే మోగట్లేదంటే బానే ఉందనుకుంటాం.

బాబు_అమ్మ (గుంటూరు)
పది రోజులైంది, చెప్దామని వచ్చాను. మా డాక్టర్ గారికి ఈ అంకెలు చూపించాను, హై 250 ఒప్పుకున్నారు, రాత్రి లో 75 పెట్టమన్నారు. సెన్సార్ కొత్తది కుడిచేతికి మార్చాం, వీడు ఎడమవైపు పడుకుంటాడు. పోయిన ఏడు రోజుల్లో 19 సార్లు మోగింది. రాత్రిళ్ళు మూడే, మూడూ నిజమైనవే, మూడింటికీ మావారే లేచారు. ఒక్కసారి హై రెండు గంటలు నిలబడితే చూశాం, బడిలో మధ్యాహ్నం డోసు వేసుకోవడం మర్చిపోయాడు. స్కూల్లో టీచర్ ఫోన్‌కి కూడా అలారం వచ్చేలా పెట్టాలా వద్దా అన్నది తేలలేదు, ఆవిడ క్లాసులో ఫోన్ చూడనంటున్నారు.

రమ్య_హైదరాబాద్
నాకు టైప్ 1, ఇప్పుడు ఐదో నెల. ఇవన్నీ చదివి నేనూ 250 పెట్టుకోవచ్చా?

పదిహేడేళ్ళ_టైప్1
వద్దు రమ్యా! కడుపుతో ఉన్నప్పుడు ఉండాల్సిన హద్దే 63 నుంచి 140, హై అలారం చాలా కిందనే ఉండాలి. ఎంతకన్నది మీ డాక్టర్ గారితో ఈ వారమే మాట్లాడండి. మీ గ్రాఫ్ తిన్నాక ఎంత దాకా వెళ్తోంది?