ఫిర్యాదు మెయిల్‌లో వాళ్లన్న మాటలు ఉన్నదున్నట్టు పెట్టాలా, మన మాటల్లో రాస్తే చాలా?

లైన్‌లేనిఇల్లు: ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌తో మూడుసార్లు మాట్లాడాను, మార్చి 4, 9, 18 తేదీల్లో. మూడింటి ట్రాన్స్‌క్రిప్ట్‌లూ నా దగ్గరున్నాయి. ఇప్పుడు ఫిర్యాదు మెయిల్ రాయాలి. వాళ్లన్న మాటలు ఉన్నదున్నట్టు పెట్టాలా, సారాంశం రాయాలా? మూడూ అతికిస్తే పదకొండు పేజీలు వస్తోంది.

గట్టిగొంతు: మొత్తం పెట్టండి, ఒక్క ముక్క కూడా వదలొద్దు. సారాంశం రాస్తే "మేం అలా అనలేదు" అంటారు. వాళ్ల మాటలే వాళ్ల ముందు పెడితే ఇక తప్పించుకోవడానికి దారి ఉండదు. పదకొండు పేజీలైతే ఏం, చదవాల్సింది వాళ్లే కదా.

ఫిర్యాదులబల్ల: ఇలాంటి మెయిల్స్‌కి జవాబులు రాసే ఉద్యోగం ఆరేళ్లు చేశాను. వాళ్ల మాటలు కావాలన్నంత వరకు గట్టిగొంతు గారు చెప్పింది నిజమే, మొత్తం కావాలన్నదే తప్పు. పదకొండు పేజీలు వస్తే నేను మొదటి పేరా, చివరి పేరా చదివి, కస్టమర్‌కి ఏం కావాలో తెలియక "మీ సమస్య వివరంగా చెప్పండి" అని జవాబు రాసేవాణ్ని. అప్పుడు మీకు ఇంకో వారం పోయినట్టే.

ఒక్కో కాల్ నుంచి ఒక్క వాక్యం తీయండి. ఏజెంట్ ఏదైనా చేస్తామని ఒప్పుకున్న వాక్యం అయ్యుండాలి. "చూస్తాం", "ట్రై చేస్తాం", "పైవాళ్లకి చెబుతాం" అన్నవి ఒప్పుకోలు కావు. "పంపిస్తాం", "తగ్గిస్తాం" అన్నవి ఒప్పుకోలు. మీ మూడు కాల్స్‌లో అలాంటి వాక్యాలేమున్నాయో ఇక్కడ రాయండి, చూద్దాం.

సిమ్‌మార్చా: అసలు కాల్ రికార్డ్ చేయొచ్చా అండీ? నేను నంబరు వేరే కంపెనీకి మార్చుకున్నప్పుడు పాత కంపెనీ ఆఖరి బిల్లు రెండుసార్లు పంపింది. రికార్డింగ్ ఉందని చెబితే ఏజెంట్ ఫోన్ పెట్టేశాడు. మీరు కూడా జాగ్రత్త.

లైన్‌లేనిఇల్లు: సిమ్‌మార్చా గారూ, నా సందేహం అది కాదండీ, మెయిల్ ఎలా రాయాలన్నదే. రికార్డ్ అవుతోందని ప్రతి కాల్ మొదట్లో వాళ్ల వైపు నుంచే చెప్పారు, నేనూ రికార్డ్ చేస్తున్నానని చెప్పాను.

ఫిర్యాదులబల్ల గారూ, మీరడిగిన వాక్యాలు ఇవి. మార్చి 4, బుధవారం: "రెండు పని దినాల్లో టెక్నీషియన్ వస్తారు." మార్చి 9: నేను "లైన్ లేని రోజులకి వచ్చే బిల్లులో తగ్గిస్తారు కదా?" అన్నాను, ఆమె "అవునండీ, తగ్గుతుంది" అంది. మార్చి 18: "అలాంటి నోట్ ఏదీ లేదు సర్, పై టీమ్‌కి పంపిస్తున్నాను, 72 గంటల్లో మీకు ఫోన్ వస్తుంది." టెక్నీషియన్ 12న వచ్చాడు, లైన్ అదే రోజు బాగైంది. 15న వచ్చిన బిల్లులో తగ్గింపు లేదు. ఫోన్ కూడా రాలేదు.

ఫిర్యాదులబల్ల: ముందు వీటిని క్యాలెండర్ తేదీలుగా మార్చండి. "రెండు పని దినాలు" అన్న ముక్క అలాగే వదిలేస్తే ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్న వాదన మొదలవుతుంది. బుధవారం చెప్పారు కాబట్టి శుక్రవారం, మార్చి 6. అలాగే 72 గంటలంటే మార్చి 21, కాల్ ఏ సమయంలో ముగిసిందో ఆ సమయానికి. మెయిల్‌లో మాటా, దాని గడువు తేదీ, నిజంగా జరిగింది ఈ మూడూ ఒకే వాక్యంలో ఉండాలి: "మార్చి 4న 'రెండు పని దినాల్లో టెక్నీషియన్ వస్తారు' అన్నారు, అంటే మార్చి 6 లోపు, మార్చి 12న వచ్చారు." చదివేవాడు ఇక వెనక్కి వెళ్లి వెతుక్కోనక్కర్లేదు.

రెండోది, ట్రాన్స్‌క్రిప్ట్‌ని గుడ్డిగా నమ్మకండి. కోట్ చేయబోయే మూడు చోట్లా రికార్డింగ్ మళ్లీ వినండి. అంకెలు తప్పుగా పడతాయి. "ఇవ్వలేం" అన్నది "ఇవ్వగలం" అయిపోవచ్చు. ఎక్కువగా జరిగేది, మీరన్న మాట ఏజెంట్ పేరు కింద పడటం. ఈ కాల్స్ రికార్డింగ్ వాళ్ల దగ్గరా ఉంటుంది. ఒక్క కోట్ తప్పని తేలితే మిగతా రెండింటినీ అనుమానిస్తారు.

నిదానం: మార్చి 9 మాట దగ్గరే నాకు అభ్యంతరం. "తగ్గిస్తాం" అన్నది ఏజెంట్ కాదు. ఈయన అడిగారు, ఆమె అవునంది. హడావుడిలో అవునంటే అది హామీ ఎలా అవుతుంది? మెయిల్‌లో "తగ్గిస్తామని హామీ ఇచ్చారు" అని రాస్తే కంపెనీ దాన్నే పట్టుకుంటుంది.

గట్టిగొంతు: అవునంటే అవుననే కదా! సూటిగా ప్రశ్న అడిగారు, సూటిగా జవాబు చెప్పింది. ఇంకేం కావాలి?

ఫిర్యాదులబల్ల: నిదానం గారి భయం అర్థమైంది. అందుకే "హామీ ఇచ్చారు" అన్న మాటే వాడొద్దంటాను. ప్రశ్నా జవాబూ రెండూ పెట్టండి, పక్కపక్కన. అది హామీ అవునో కాదో చదివేవాడికే తెలుస్తుంది. నా కుర్చీలో ఉన్నప్పుడైతే నేను దాన్ని ఒప్పుకోలుగానే లెక్కపెట్టేవాణ్ని. నా పక్కనున్నాయన లెక్కపెట్టేవాడు కాదు.

మార్చి 18 కాల్‌లోని "నోట్ ఏదీ లేదు" అన్నది మీకు మేలే చేస్తుంది. 9న ఒప్పుకున్నది రికార్డులో ఎక్కించలేదని వాళ్లే చెప్పినట్టు. ఆ వాక్యం తప్పకుండా ఉండాలి.

లైన్‌లేనిఇల్లు: రికార్డింగ్ విన్నాను. మాటలు సరిగ్గానే ఉన్నాయి, 18 నాటి టికెట్ నంబరులో మాత్రం ఒక అంకె తప్పు పడింది. దిద్దాను. ఒక విషయం చెప్పాలి. మార్చి 4 కాల్ చివర్లో నేను "పర్లేదు, వీలైనప్పుడు పంపండి" అన్నాను. మర్యాదకి అన్న మాట. అది రాయాలా? ఇంకొకటి, లైన్ నిజంగా పోయింది మార్చి 2న. పదకొండు రోజులకి తగ్గింపు అడగొచ్చా?

ఫిర్యాదులబల్ల: లైన్ 2న పోయిందని రాయండి, అది నిజం కాబట్టి. తగ్గింపు మాత్రం 4 నుంచి 12 వరకు అడగండి, ఎందుకంటే మీ మొదటి టికెట్ 4న పడింది. ముందు రెండు రోజులకి మీ దగ్గర రుజువు లేదు. వాటి కోసం పట్టుబడితే రుజువున్న రోజుల మీదా వాదన మొదలవుతుంది.

గట్టిగొంతు: ఆ "వీలైనప్పుడు" సంగతి ఎత్తనే వద్దు. మన గొయ్యి మనం తవ్వుకోవడం ఎందుకు?

నిదానం: వాళ్ల దగ్గరా రికార్డింగ్ ఉందని ఇప్పుడే అనుకున్నాం కదా. వాళ్లు బయటపెట్టేలోపు మనమే చెప్పడం నయం. టెక్నీషియన్ ఆలస్యం మీద అసలు ఏమీ అడక్కుండా, బిల్లు తగ్గింపు ఒక్కటే అడిగితే ఆ మాటతో పనే ఉండదు.

ఫిర్యాదులబల్ల: నేనైతే రాయను. అది ఒప్పుకోలు కాదు, కస్టమర్ మర్యాద. కానీ ఆ మాటకి ఎదురయ్యే వాక్యం మెయిల్‌లో ఉండకూడదు. "వెంటనే పంపమని గట్టిగా అడిగాను" లాంటిది రాశారంటే దొరికిపోతారు.

లైన్‌లేనిఇల్లు: రాసింది ఇదీ. సబ్జెక్ట్: "మార్చి 15 బిల్లులో తగ్గింపు రాలేదు", పక్కన అకౌంట్ నంబరు, రెండు టికెట్ నంబర్లు.

"నా ఇంటర్నెట్ లైన్ మార్చి 2న పోయింది. మార్చి 4న టికెట్ నమోదైంది. ఆ రోజు 'రెండు పని దినాల్లో టెక్నీషియన్ వస్తారు' అన్నారు, అంటే మార్చి 6 లోపు. మార్చి 12న వచ్చి బాగుచేశారు. మార్చి 9న నేను 'లైన్ లేని రోజులకి వచ్చే బిల్లులో తగ్గిస్తారు కదా?' అని అడిగాను, మీ ఏజెంట్ 'అవునండీ, తగ్గుతుంది' అన్నారు. మార్చి 15 బిల్లులో తగ్గింపు లేదు. మార్చి 18న 'అలాంటి నోట్ ఏదీ లేదు', '72 గంటల్లో మీకు ఫోన్ వస్తుంది' అన్నారు. మార్చి 21 దాటినా ఫోన్ రాలేదు. మార్చి 4 నుంచి 12 వరకు తగ్గింపు చేసి, సవరించిన బిల్లు ఏప్రిల్ 5 లోపు పంపండి. మూడు కాల్స్ ట్రాన్స్‌క్రిప్ట్‌లు, రికార్డింగ్‌లు నా దగ్గరున్నాయి, అడిగితే పంపుతాను."

నిదానం గారూ, ఆలస్యానికి విడిగా ఏమీ అడగలేదు. "వీలైనప్పుడు" మాట రాయలేదు, ఇంకా మనసులో పీకుతూనే ఉంది.

నిదానం: అడిగితే ట్రాన్స్‌క్రిప్ట్‌లు పంపుతానన్నారుగా, అప్పుడు మొదటి కాల్ మొత్తం పంపండి, చివరి వాక్యం కోసేయకుండా. నేను పట్టుబట్టేది అంతవరకే.